వాయిదాకీ వాయిదాకీ తేడా ఉంది, బాబాయ్ గారూ



మొన్న శుక్రవారం సాయంత్రం కోర్టు మెట్ల మీద మీరు నన్ను అడిగిన మాటకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "అమ్మాయీ, పొద్దున పదిన్నర నుంచి నాలుగున్నర దాకా బల్ల మీద కూర్చోబెట్టి మళ్ళీ వాయిదా అన్నారు. ఏడేళ్ళయింది. అసలు లోపల ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు. బస్సు వచ్చిందని మీరు వెళ్ళిపోయారు. ఆ రాత్రి మీ కేసు కట్ట విప్పి, 2018 జూన్ నుంచి ఉన్న డాకెట్ మొత్తం చదివాను. డాకెట్ అంటే కేసు పిలిచిన ప్రతిసారీ ఏం జరిగిందో జడ్జి గారు రాయించే రెండు మూడు వరుసలు. నేను ఆఫీసులో చేరి మూడేళ్ళే. అందుకని మొదటి నాలుగేళ్ళ సంగతి నాకూ ఆ రాత్రే పూర్తిగా తెలిసింది. అందులో చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మొత్తం 52 తేదీలున్నాయి. మీరు వాటిని 52 వాయిదాలంటారు. ఊళ్ళో అందరూ అలాగే అంటారు, మేమూ అలాగే అంటాం. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఇవాళ దావా వేశాం, సమన్లు పంపడానికి ఫలానా తేదీ ఇచ్చారు. ఇదీ వాయిదాయే. ఇవాళ సాక్షిని విచారించాలి, కానీ కుదరలేదు, వచ్చే నెలకు వేశారు. అదీ వాయిదాయే. మొదటిది చేలో దుక్కి అయ్యాక నాట్లకు రోజు చూసుకోవడం. రెండోది నాట్లకు పిలిచిన కూలీలు రాక ఊరికే వెనక్కి రావడం. మీ 52లో మొదటి రకం 15. ఆ 15 రోజుల్లో కేసు ఒక్కో అడుగు ముందుకు జరిగింది. మిగతా 37 రోజులు ఊరికే వెళ్ళి వచ్చినవే. మీ కోపం ఆ 37 మీద. అది న్యాయమైన కోపమే, అయితే ఆ 37కీ కారణం ఒక్కటి కాదు.

ముందు శుక్రవారం సంగతి చెప్తాను.

ఆ రోజు మా కోర్టు జాబితాలో 74 కేసులున్నాయి. పదిన్నరకు జడ్జి గారు కూర్చోగానే కాల్ వర్క్ మొదలవుతుంది. కేసు నంబర్లు వరసగా పిలుస్తారు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఏ కాగితం దాఖలైంది అని చూసి చిన్న పనులన్నీ అక్కడే తేల్చేస్తారు. మిమ్మల్ని పదకొండు దాటాక పిలిచారు, నేను 'రెడీ' అన్నాను, మధ్యాహ్నానికి పక్కన పెట్టారు. కాల్ వర్క్ పన్నెండుం పావుకు అయింది. మా జడ్జి గారు సివిల్ జడ్జి మాత్రమే కాదు, మెజిస్ట్రేటు కూడా. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి పోలీసులు ముగ్గుర్ని తీసుకొచ్చారు. అది ఆపడానికి వీల్లేని పని. భోజనాల తర్వాత 2011 నాటి ఒక పంపకాల దావాలో సగంలో ఆగిన సాక్షిని బోనెక్కించారు. సాక్ష్యం ఒకసారి మొదలైతే వచ్చిన సాక్షులందరినీ ముగించే దాకా ఏ రోజుకారోజు సాగించాలని చట్టం చెప్తుంది. ఆ సాక్షి వయసు ఎనభై పైనే. ఆయన దిగేసరికి నాలుగయింది.

నాలుగుం పావుకు మన కేసు తీశారు. అవతలి లాయరు గారు మీ క్రాస్‌కు రెండు గంటలు కావాలన్నారు. కోర్టు సమయం మిగిలింది ముప్పావు గంట. "మొదలుపెట్టమంటారా?" అని జడ్జి గారు అడిగారు. మా సీనియర్ గారే వద్దన్నారు. ఈ మాట వింటే మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. కారణం కూడా వినండి. క్రాస్ సగంలో ఆగితే, మీరు ఆ ముప్పావు గంటలో చెప్పిన జవాబులన్నీ అవతలి వాళ్ళు నెల రోజులు కూర్చుని చదువుకుంటారు. మీరు ఎక్కడ తడబడ్డారో, ఏ తేదీ గుర్తు రాలేదో చూసుకుని మిగతా ప్రశ్నలు దానికి తగ్గట్టు తయారుచేసుకుంటారు. ఒకే రోజు, ఒకే ఊపిరిలో అయిపోవడమే మీకు మేలు. నాకూ అదే సరైన నిర్ణయమనిపించింది. తప్పంతా ఎక్కడ జరిగిందంటే, ఈ మాట బయటికి వచ్చి మీకు చెప్పాల్సింది నేను. నకళ్ళ అర్జీ పెట్టాలని కాపీయింగ్ సెక్షన్‌కు పరుగెత్తాను. మీరు బెంచ్ క్లర్కు మీద అరిచారని తర్వాత తెలిసింది. ఆయన మీద కాదు, నా మీద అరవాల్సింది.

ఒక్క రోజులో అవ్వవని తెలిసీ 74 కేసులు ఎందుకు వేస్తారని మీరు అడగొచ్చు. ఆ ప్రశ్నే నేనూ మొదట్లో సీనియర్ గారిని అడిగాను. పది వేస్తే, అందులో ఎనిమిదింటిలో ఎవరో ఒకరు రాక మధ్యాహ్నానికి కోర్టు ఖాళీ అవుతుంది. పైగా కోర్టులో ఉన్న కేసులన్నీ ఒక చుట్టు తిరగాలంటే రోజుకు అన్ని వేయక తప్పదు. దేశం మొత్తం మీద జిల్లా కోర్టుల్లో, వాటి కింది కోర్టుల్లో పెండింగులో ఉన్నవి 4 కోట్లకు పైనే. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. 2002లో సుప్రీం కోర్టు కూడా అయిదేళ్ళలో ఆ లెక్కకు చేర్చమంది. ఇప్పటికీ ఉన్నది దానిలో సగం కూడా కాదు.

ఇక ఆ 37లో మిగతావి. 2018లో దావా వేశాక అయిదు తేదీలు సమన్లకే పోయాయి. పెద్దన్న ఊళ్ళోనే ఉంటాడు, అమీనా వెళ్ళి వారంలో ఇచ్చి వచ్చాడు. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం. అక్కడి కోర్టు ద్వారా పంపితే చిరునామాలో లేరని తిరిగొచ్చింది. రిజిస్టరు పోస్టు కవరు 'ఇంటికి తాళం' అని వెనక్కి వచ్చింది. చివరికి పేపరు ప్రకటన ఇచ్చాం. దీనికి తొమ్మిది నెలలు పట్టింది. అప్పట్లో మీరు సీనియర్ గారితో "వాడు రాకపోతే మనకే మంచిది, ఎక్స్‌పార్టీ చేయించి డిక్రీ తీసుకోండి" అన్నారట. ఆయన ఒప్పుకోకపోవడం మీ అదృష్టం. సమన్లు సరిగా అందకుండా తెచ్చుకున్న డిక్రీ తడిగోడ లాంటిది. మూడేళ్ళు పోయాక వాడొచ్చి "నాకు సమనే అందలేదు, డిక్రీ సంగతి నిన్ననే తెలిసింది" అంటాడు. తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. అతను చెప్పింది నిజమని తేలితే డిక్రీ రద్దయి, కేసు మళ్ళీ మొదటికొస్తుంది. తొమ్మిది నెలలు పోయాయి గానీ ఆ దారి మూసుకుపోయింది.

జవాబు దావాకు నాలుగు వాయిదాలు. సమన్లు అందిన 30 రోజుల్లో వేయాలి, కోర్టు కారణం చూసి 90 దాకా పొడిగించవచ్చు అని చట్టంలో ఉంది. వాళ్ళు 140వ రోజున వేశారు, ఆలస్యం మన్నించమని ఒక అర్జీ జతచేసి. కోర్టు 300 రూపాయలు ఖర్చుల కింద మనకు కట్టమని తీసుకుంది. ఆ మూడు వందలు చూసి మీరు నవ్వారని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామూలు సివిల్ దావాల్లో ఈ 90 రోజులు ఇనుప గోడ కాదని, తగిన కారణం ఉంటే దాటనివ్వవచ్చని 2005లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ వెసులుబాటు అరుదుగా వాడాల్సింది. మా దగ్గర అది అలవాటైపోయింది.

2020, 21లలో ఎనిమిది తేదీలు కరోనాకు పోయాయి. వాటి గురించి చెప్పేదేం లేదు.

కమిషనర్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మీరు నన్ను ఎక్కువసార్లు అడిగింది దాని గురించే. మీరంటున్న పన్నెండు సెంట్లు వాళ్ళ చేలో కలిసిందా లేదా అన్నది కాగితాల్లో తేలదు, భూమి మీద కొలవాలి. అందుకు కోర్టు ఒక లాయరును కమిషనర్‌గా వేసి, మండల సర్వేయరు సాయంతో కొలిచి నక్షా పెట్టమంది. ఈ పనికి రెండు నెలలు చాలు. పధ్నాలుగు నెలలు పట్టింది. మొదట కమిషనర్ ఫీజు కోర్టులో కట్టడానికి మీకు మూడు వారాలు పట్టింది. తర్వాత సర్వేయరు గారు రీసర్వే పనుల్లో ఉన్నానని రెండుసార్లు తేదీ మార్చారు. ఆయన ఖాళీ అయ్యేసరికి పొలంలో వరి నిలబడి ఉంది, మోకాలి లోతు నీళ్ళు. చేలో గొలుసు లాగనివ్వమని అవతలి వాళ్ళే కాదు, మీరూ అన్నారు. కోత దాకా ఆగారు. కోతయ్యాక వెళ్తే ఎఫ్.ఎం.బి.లో చూపించిన మూడు రాళ్ళలో ఒకటి కనపడలేదు, పక్క సర్వే నంబరు మూల నుంచి కొలుచుకురావాల్సి వచ్చింది. ఇలా గడువు పెంచమని కమిషనర్ అడిగిన ప్రతిసారీ మీకో వాయిదా. మొత్తం ఏడు. అయితే ఆ నక్షాలో తూర్పు గట్టు పక్కకు జరిగినట్టు స్పష్టంగా కనపడుతోంది. మీ కేసులో ఇవాళ గట్టి సాక్ష్యం ఏదైనా ఉందంటే అదే. పనికొచ్చిన ఏడు వాయిదాలంటే నేను అవే అంటాను.

2022లో పెద్దన్న పోయాడు. ఒక పక్షం మనిషి చనిపోతే 90 రోజుల్లోగా అతని వారసుల్ని కేసులో చేర్చమని అర్జీ పెట్టాలి. పెట్టకపోతే ఆయన మీద దావా దానంతట అదే అణగారిపోతుంది. మీరు దినాల భోజనానికి వెళ్ళొచ్చి ఆ మర్నాడే ఆఫీసుకు చెప్పారు కాబట్టి గడువులోనే పెట్టాం. చాలామంది "పోయినోడి మీద కేసేంటి" అని ఊరుకుంటారు. భార్య, ఇద్దరు కొడుకులు, అత్తారింటి ఊళ్ళో ఉన్న కూతురు. నోటీసులు అందరికీ అందాలి. కూతురికి అందేసరికి అయిదు వాయిదాలయ్యాయి.

నాలుగు తేదీలు కోర్టు లేక పోయాయి. జడ్జి గారికి బదిలీ అయి కొత్తవారు వచ్చేదాకా పక్క కోర్టు వారు ఇన్‌చార్జి. ఆయనకు ఆయన జాబితా ఉంటుంది. ఇన్‌చార్జి జడ్జీలు అత్యవసరమైనవి చూసి, సాక్ష్యాలు ముట్టుకోకుండా తేదీలిచ్చి పంపుతారు. మూడు అలా పోయాయి. నాలుగోది మా లాయర్లు విధులు బహిష్కరించిన రోజు. ఆ రోజు మీరు 40 కిలోమీటర్లు వచ్చారు. దానికి నా దగ్గర సమర్థన లేదు.

ఇక మనవి మూడు. వీటి గురించి ఎవరూ మీకు చెప్పి ఉండరు. ఒకసారి మీ అమ్మాయి పురుడని మీరు రాలేదు. ఒకసారి సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారు. లాయరుకు వేరే కోర్టులో పని ఉండటం వాయిదాకు కారణం కాదని చట్టంలో సూటిగా రాసి ఉంది. అయినా అడిగాం, ఇచ్చారు. మూడోది నా వల్ల. 1987 నాటి మీ నాన్నగారి కొనుగోలు దస్తావేజు లింకు పత్రానికి సర్టిఫైడ్ నకలు తీయాలి. ఆ దరఖాస్తు నేను ఆలస్యంగా పెట్టాను. నకలు చేతికి రాలేదు, మీ చీఫ్ అఫిడవిట్‌తో పాటు దాన్ని మార్కు చేయించలేక తేదీ అడిగాం. నాలుగు వారాలు పోయాయి.

ఈ మూడూ ఎందుకు లెక్కపెట్టానంటే, విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. 2002 జూలై నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. మన చేతిలో మనిషి అదుపు తప్పిన కారణమేదైనా ఉంటే తప్ప, ఇక అడగడానికి మొహం లేదు. ఈ మూడింటి లెక్క ఉత్త బెదిరింపనుకోకండి. 2011లో శివ్ కోటెక్స్ కేసులో, సాక్ష్యం పెట్టుకోవడానికి మూడు అవకాశాలిచ్చినా వాడుకోని వాది దావాను కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు జాలిపడి మళ్ళీ తెరిచింది. సుప్రీం కోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి కొట్టివేతనే నిలబెట్టింది. వాదిగా ఉన్న మనకు అది చదవదగ్గ కేసు.

మరి అవతలి వాళ్ళకు అన్నిసార్లు ఎలా ఇచ్చారంటారు. జడ్జి గారి కుర్చీలోంచి చూడండి. నాలుగోసారి ఇవ్వనని క్రాస్ హక్కు మూసేస్తే, వాళ్ళు హైకోర్టులో రివిజన్ వేస్తారు. అక్కడ స్టే వస్తే ఏడాదో రెండేళ్ళో కట్ట కదలదు. "ఒక్క అవకాశం ఇవ్వండి, ఖర్చులు కట్టించండి" అని తిరిగొచ్చిందంటే, మొదట్లోనే అయిదు వందలు కట్టించి ఒక నెల ఇచ్చి ఉంటే పోయేదిగా అనిపిస్తుంది. అందుకే 'చివరి అవకాశం' అని రాసి ఇస్తారు. డాకెట్‌లో ఆ మాట మీ కేసులో మూడు చోట్ల ఉంది. చివరిది అన్న మాటకు మూడుసార్లు రాయాల్సి వచ్చినప్పుడు విలువేముంటుందని నాకూ అనిపిస్తుంది. ఖర్చులు మూడు వందలు కాకుండా అవతలి వాడు ఆ రోజు పోగొట్టుకున్న కూలీ, బస్సు చార్జీ, లాయరు ఫీజు లెక్కన వేస్తే సగం వాయిదాలు తగ్గుతాయని నా నమ్మకం. సీనియర్ గారు దీనికి నవ్వి ఊరుకుంటారు.

హైకోర్టుకు వెళ్ళి 'ఆరు నెలల్లో తేల్చండి' అని ఉత్తర్వు తెచ్చుకోవచ్చని మీకెవరో చెప్పారన్నారు. అలాంటి ఉత్తర్వులు వస్తాయి, నిజమే. అయితే పై కోర్టులు కింది కోర్టులకు మామూలుగా ఇలా గడువులు పెట్టకూడదని 2024లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఏ కోర్టులో ఎన్ని కేసులున్నాయో అక్కడి జడ్జికే తెలుస్తుందని దాని ఉద్దేశం. మన కేసు ఇప్పుడు సాక్ష్యాల దశకు వచ్చేసింది. దాని కోసం ఖర్చుపెట్టడం దండగ. సీనియర్ సిటిజన్ అని మీ ఆధార్ జతచేసి త్వరగా విచారించమని ఇక్కడే ఒక మెమో వేస్తున్నాను.

ఇక మిగిలిందేమిటో కూడా చెప్పాలి. మీ క్రాస్, దస్తావేజు సాక్షి, పక్క పొలం రైతు. తర్వాత వాళ్ళ సాక్షులు ఇద్దరో ముగ్గురో. తర్వాత వాదనలు, తీర్పు. అన్నీ కలిసొస్తే ఏడాదిలో కింది కోర్టు తీర్పు చూస్తాం. గెలిస్తే వాళ్ళు 30 రోజుల్లో పై కోర్టుకు అప్పీలు వేసుకోవచ్చు. స్టే రాకపోతే మనం అమలు కోసం ఇ.పి. వేస్తాం, స్థలం చేతికొచ్చేది అందులోనే. అందులోనూ వాయిదాలుంటాయి. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దాని మీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. పోయిన పెద్దన్న చిన్న కొడుకు నక్షా చూశాక కాస్త మెత్తబడ్డాడని వాళ్ళ లాయరు గారి గుమాస్తా అన్నాడు. దాని మీద మీ మాట ఏమిటో కబురు చేయండి. రాజీ పడమని నేననడం లేదు.

మీ మనవడి ఫోనులో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేయించండి. మీ కేసు సి.ఎన్.ఆర్. నంబరు, పదహారు అక్షరాలు అంకెలు కలిసి ఉంటుంది, ఈ ఉత్తరం వెనక రాశాను. అది కొడితే ప్రతి తేదీన ఏం జరిగింది, వచ్చే తేదీ దేనికి వేశారు అన్నది కనపడుతుంది. ఇక నుంచి నాకు ఫోను చేసినప్పుడు "ఎప్పటికి వేశారు" అని కాకుండా "దేనికి వేశారు, మొన్న ఎవరి వల్ల ఆగింది" అని అడగండి. ఆ ప్రశ్న అడిగితే ఏ జూనియరుకూ తప్పించుకునే వీలుండదు.

వచ్చే నెల 19న మీ క్రాస్. ఆ రోజు మన కేసు మొదటి వరసలో పిలవమని జడ్జి గారే డాకెట్‌లో రాయించారు. పదింపావుకల్లా రండి. ఒరిజినల్ దస్తావేజు, పాస్ పుస్తకం తేండి. ముందురోజు మీ అఫిడవిట్ ఒకసారి చదివించుకోండి, కళ్ళజోడు మర్చిపోకండి.

ఇంకొకటి. కమిషనర్ రిపోర్టులో తూర్పు గట్టు మీద వేపచెట్టు ఉందని రాశారు. అది ఎవరు నాటింది, ఎప్పుడు నాటింది అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. నిజంగా గుర్తుంటే చెప్పండి. లేకపోతే గుర్తులేదనండి, ఊహించి ఏడాది చెప్పకండి. పిన్ని గారికి తెలిసి ఉంటుందని ఇంట్లో అడిగి, ఆవిడ చెప్పింది మీరు చూసినట్టుగా మాత్రం చెప్పకండి.

ఇట్లు,
మీ అమ్మాయి, సీనియర్ గారి జూనియరు